కిస్తీ ఫిక్స్‌డ్‌ది, లోను ఫ్లోటింగ్‌ది



నారాయణపేటలో ఇల్లు కట్టుకోవాలనుకుంటున్న ఒక టీచరమ్మ గురించి ఈ పూట మాట్లాడుకుందాం. ఆమె నా లెక్క కోసం నేను అనుకున్న మనిషి. అయితే అలాంటి వాళ్లు మన జిల్లాలో చాలామందే ఉన్నారు. 2024 డీఎస్సీలో స్కూల్ అసిస్టెంటుగా ఎంపికయ్యారు. ఆ అక్టోబరులో నియామక పత్రం చేతికొచ్చింది. మూల వేతనం 42,300 రూపాయలతో మొదలైంది. కోతలన్నీ పోను నెలకు 52,000 చేతికొస్తున్నాయనుకుందాం. ఊళ్లో ప్లాటు ఉంది. కట్టడానికి 25 లక్షలు లోను కావాలి. ఇరవై ఏళ్ల గడువు.

టీచరే కానక్కరలేదు. 2019 ఫిబ్రవరిలో నారాయణపేట జిల్లా అయ్యాక ఇక్కడికి ఆఫీసులు వచ్చాయి, వాటితో పాటు ఉద్యోగులూ వచ్చారు. ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు కావచ్చు, మండలంలో పంచాయతీ కార్యదర్శి కావచ్చు, కలెక్టరేటులో జూనియర్ అసిస్టెంటు కావచ్చు. నెల జీతం వస్తుంది. ముందు ముందు అది పెరుగుతుందన్న నమ్మకం ఉంది. ఈ మాటలు ఆ నమ్మకం ఉన్నవాళ్ల కోసం.

మన టీచరమ్మ బ్యాంకుకు వెళ్లారు. అక్కడ ఒక ప్రశ్న ఎదురైంది. "మేడం, ఫిక్స్‌డ్ తీసుకుంటారా, ఫ్లోటింగ్ తీసుకుంటారా?"

ఫిక్స్‌డ్ అంటే వడ్డీ రేటు మారదు. ఫ్లోటింగ్ అంటే మారుతుంది. ఫిక్స్‌డ్ రేటు 10 శాతం, ఫ్లోటింగ్ రేటు 8 శాతం అనుకుందాం. ఇవి మన లెక్క కోసం పెట్టుకున్న రేట్లు. మీరు వెళ్లిన రోజు బ్యాంకులో వేరే అంకెలు ఉండొచ్చు. కానీ సాధారణంగా ఫిక్స్‌డే ఎక్కువ ఉంటుంది. ఎందుకంటే రేపు వడ్డీలు పెరిగితే వచ్చే నష్టాన్ని బ్యాంకు తన మీద వేసుకుంటోంది. దానికి బీమా ప్రీమియం లాగా ముందే వసూలు చేసుకుంటుంది.

మన ఊళ్లలో వడ్డీని నూటికి నెలకు ఎంత అనే చెప్పుకుంటాం. అలా చూస్తే 8 శాతం అంటే నూటికి నెలకు 67 పైసలు. 10 శాతం అంటే 83 పైసలు. తేడా పదహారు పైసలు. పదహారు పైసలే కదా అనిపిస్తుంది. కానీ అప్పు 25 లక్షలు, గడువు ఇరవై ఏళ్లు. ఫ్లోటింగ్‌లో నెల కిస్తీ 20,900 రూపాయలు. ఫిక్స్‌డ్‌లో 24,100. నెలకు 3,200 తేడా.

ఈ రెండు కిస్తీలు గుర్తుపెట్టుకోండి. ఫ్లోటింగ్‌కు దగ్గరదగ్గర 21 వేలు. ఫిక్స్‌డ్‌కు 24 వేలు. ఇక ముందంతా వీటి చుట్టూనే మాట్లాడుకుంటాం.

ఇంట్లో పెద్దవాళ్లు ఏమంటారు? "రేటు మారేదాన్ని నమ్ముకోవద్దు బిడ్డా, ఎక్కువైనా సరే మారనిదే తీసుకో" అంటారు. ఆ భయం ఊరికే పుట్టలేదు. ఈ మధ్యనే, మన కళ్ల ముందే జరిగిన సంగతి ఒకటి ఉంది.

కరోనా వచ్చిన 2020లో రిజర్వు బ్యాంకు రెపో రేటును 4 శాతానికి దించింది. రెపో రేటు అంటే బ్యాంకులకు రిజర్వు బ్యాంకు అప్పు ఇచ్చే రేటు. 2019 అక్టోబరు నుంచి బ్యాంకులు ఇచ్చే ఫ్లోటింగ్ ఇంటి లోన్లన్నీ ఇలాంటి ఒక బయటి రేటుకు ముడిపెట్టాలన్నది నిబంధన. ఎక్కువ బ్యాంకులు రెపోకే ముడిపెట్టాయి. అది దిగితే మన వడ్డీ దిగాలి. అది ఎక్కితే మన వడ్డీ ఎక్కుతుంది. కనీసం మూడు నెలలకోసారి ఈ మార్పు మన లోనుకు చేరాలి.

ఆ రోజుల్లో ఇంటి లోన్లు 7 శాతం లోపే దొరికాయి. చాలామంది తీసుకున్నారు. తర్వాత ధరలు పెరిగాయి. ధరలను అదుపు చేయడానికి 2022 మే నెలలో రిజర్వు బ్యాంకు రెపోను పెంచడం మొదలుపెట్టింది. 2023 ఫిబ్రవరికల్లా అది 6.5 శాతం అయింది. పట్టుమని పది నెలలు కాలేదు, రెండున్నర శాతం పెరిగింది.

దాని వల్ల ఒక ఇంట్లో ఏం జరిగిందో చూద్దాం. 7 శాతానికి 25 లక్షలు తీసుకున్నవారికి కిస్తీ 19,400. ఒక ఏడాది కట్టారు. ఆ తర్వాత రేటు తొమ్మిదిన్నర అయిందనుకోండి. నిజానికి అంచెలంచెలుగా పెరిగింది. లెక్క తేలికగా ఉండాలని ఒకేసారి పెరిగిందంటున్నాను. అప్పుడు ఒక్క నెల వడ్డీయే 19,320 అవుతుంది. కట్టేది కచ్చితంగా చెప్పాలంటే 19,380. వడ్డీకి 19,320 పోతే అసలులో తగ్గేది ఎంత? అరవై రూపాయల చిల్లర! నెలంతా కష్టపడి 19,380 కడితే అప్పులో అరవై రూపాయలు తగ్గింది. అదే కిస్తీ కడుతూ పోతే ఆ అప్పు తీరడానికి మరో అరవై ఏళ్లు పడుతుంది.

అప్పట్లో చాలా లోన్ల విషయంలో బ్యాంకులు కిస్తీ పెంచలేదు, గడువు పెంచాయి. ఖాతాలోంచి ప్రతి నెలా అంతే డబ్బు కట్ అవుతోంది కాబట్టి ఇంట్లో ఎవరికీ ఏమీ తెలియలేదు. ఇరవై ఏళ్ల లోను ముప్పై ఏళ్ల లోనైపోయిన సంగతి స్టేట్‌మెంటు తీయించినప్పుడు బయటపడింది. గడువును ఇక పెంచలేనిచోట కిస్తీ పెంచారు. మన ఉదాహరణలో గడువు మారకుండా అప్పు తీరాలంటే కిస్తీ 19,400 నుంచి 23,100 దాటాలి. నెలకు 3,700 అదనం.

ఇది చూసిన వాళ్లెవరికైనా ఫ్లోటింగ్ అంటే భయం వేస్తుంది. వేయాలి కూడా. అయినా మన టీచరమ్మకు నేను ఫ్లోటింగే తీసుకోమంటాను. కానీ ఒక షరతు మీద.

షరతు ఇది. లోను ఫ్లోటింగ్‌లో తీసుకోండి. కిస్తీ మాత్రం ఫిక్స్‌డ్ లోనుకు కట్టాల్సినంత కట్టండి.

మళ్లీ చెబుతాను. లోను 8 శాతం ఫ్లోటింగ్‌ది. బ్యాంకు అడిగే కిస్తీ 21 వేలు. మీరు కట్టేది మాత్రం 24 వేలు. ఫిక్స్‌డ్ తీసుకుని ఉంటే ఎలాగూ 24 వేలు కట్టేవారు కదా! అదే డబ్బు, అదే నెల. కాకపోతే ఆ పైన కట్టిన 3,200 బ్యాంకుకు వడ్డీ కిందికి పోదు. నేరుగా అసలులోంచి తగ్గుతుంది.

దీనివల్ల ఏమవుతుంది? రేటు 8 దగ్గరే ఉండిపోతే ఇరవై ఏళ్ల అప్పు పదిహేనేళ్లు నిండకముందే తీరిపోతుంది. ఐదేళ్లకు పైగా కిస్తీ మిగులు.

మరి రేటు పెరిగితే? అసలు భయం అదే కదా, దాన్నే లెక్కేద్దాం. టీచరమ్మ మూడేళ్ల పాటు 24,100 చొప్పున కట్టారు. అప్పు 22 లక్షలకు దిగింది. అప్పుడు 2022లో లాగా రెండున్నర శాతం పెరిగి, రేటు పదిన్నర అయింది. మిగిలిన పదిహేడేళ్లలో అప్పు తీరాలంటే కిస్తీ ఎంత కావాలి? 23,100. ఆమె ఇప్పటికే 24,100 కడుతున్నారు! అంటే వడ్డీ రెండున్నర శాతం పెరిగినా ఆమె కిస్తీ ఒక్క రూపాయి పెరగక్కరలేదు. గడువు కూడా ఇరవై ఏళ్లు దాటదు.

ఇంకా కఠినంగా చూద్దాం. మూడేళ్లు ఆగకుండా మొదటి ఏడాది చివరే ఆ దెబ్బ తగిలిందనుకోండి. అప్పుడు కావాల్సిన కిస్తీ 24,400. ఫిక్స్‌డ్ కిస్తీ కన్నా నెలకు 300 ఎక్కువ. మూడు వందలు! మనం ఇంత భయపడిన ప్రమాదం ఖరీదు ఈ లెక్కలో అంతే. ఆ ప్రమాదం రాకపోతే వచ్చే లాభం ఐదేళ్ల కిస్తీలు.

ఇంత తేడా ఎందుకొస్తుందంటే, ఇంటి అప్పులో మొదటి ఏళ్లలో బాకీ పెద్దది. వడ్డీ ఎక్కువ పడేది అప్పుడే. అప్పుడు అసలులోంచి తగ్గించిన ప్రతి రూపాయి మీదా మిగిలిన ఏళ్లన్నిటికీ వడ్డీ ఆగిపోతుంది. ఫిక్స్‌డ్ తీసుకున్నవారు ఆ మొదటి ఏళ్లలోనే ఎక్కువ వడ్డీ కడతారు. మన లెక్కలో మూడేళ్ల తర్వాత ఫిక్స్‌డ్ వాళ్ల బాకీ 23 లక్షల 60 వేలు. కట్టింది అంతే డబ్బు. కానీ టీచరమ్మ బాకీ వాళ్ల కన్నా లక్షా అరవై వేలు తక్కువ.

ఇక జీతం పెరిగే సంగతికి వద్దాం. పెరిగే జీతం ఉన్నవారికి ఫ్లోటింగ్ ఎందుకు మేలో చెప్పడానికి అసలు కారణం ఇక్కడుంది.

జీతం పెరిగితే ఏం చేస్తాం? కొంత ఖర్చు పెరుగుతుంది. కొంత మిగులుతుంది. మన నారాయణపేటలో మిగిలిన డబ్బుతో తులమో అర తులమో బంగారం కొనే అలవాటు గట్టిగానే ఉంది. నేను కాదనను. కానీ కొంతైనా అప్పులో కడితే మంచిది. అలా ముందే కట్టడానికి మీకు స్వేచ్ఛ ఉండాలి. ఫిక్స్‌డ్‌కూ ఫ్లోటింగ్‌కూ అసలు తేడా ఈ స్వేచ్ఛలోనే ఉంది.

సొంతానికి ఇల్లు కట్టుకునేవారి ఫ్లోటింగ్ లోనును ముందే తీర్చినందుకు బ్యాంకు జరిమానా వేయకూడదు. 2012 జూన్ నుంచే రిజర్వు బ్యాంకు ఈ నియమం పెట్టింది. 2026 జనవరి నుంచి మంజూరైన లోన్లకు దీన్ని ఇంకా గట్టిగా చెప్పింది. కొంత కట్టినా, మొత్తం కట్టినా, ఆ డబ్బు ఎక్కడినుంచి తెచ్చినా ఛార్జీ ఉండకూడదు. ఇన్నేళ్ల దాకా ముందస్తుగా కట్టకూడదన్న ఆంక్ష కూడా ఉండకూడదు.

ఫిక్స్‌డ్ లోనుకు అంత రక్షణ లేదు. అక్కడ ఒప్పందంలో ఏం రాసి ఉంటే అదే. ముందే కడితే కట్టిన మొత్తం మీద ఇంత శాతం అని రాసి ఉండొచ్చు. ఏడాదికి ఇంతకు మించి కట్టకూడదని ఉండొచ్చు. జీతం పెరగని మనిషికి అది పెద్ద ఇబ్బంది కాదు. ఎలాగూ ముందే కట్టలేరు. జీతం పెరిగే మనిషికి మాత్రం చేతిలో డబ్బుండీ కట్టలేని పరిస్థితి అది.

పెరిగే జీతం ఎంత పని చేస్తుందో ఒక్క లెక్కతో చెబుతాను. 21 వేల కిస్తీతోనే మొదలుపెట్టి, ఏటా ఒకసారి దాన్ని ఐదు శాతం పెంచుకుంటూ పోతే, రేటు 8 శాతంలోనే ఉంటే, అప్పు పన్నెండేళ్ల నాలుగు నెలల్లో తీరుతుంది. రెండో ఏడు పెంచేది వెయ్యి రూపాయలే. వడ్డీలో ఆదా ఎనిమిదిన్నర లక్షలు దాటుతుంది. ఐదు శాతం అంటే జీతంలో ఐదు శాతం కాదు, కిస్తీలో. ఆ తేడా మరచిపోకండి.

సర్కారు ఉద్యోగులకు ఇందులో ఇంకో సంగతి ఉంది. దీని గురించి ఎవరూ చెప్పరు. రిజర్వు బ్యాంకు రెపోను ఎప్పుడు పెంచుతుంది? ధరలు పెరిగినప్పుడు. మీ కరువు భత్యం, అదే డీఏ, ఎప్పుడు పెరుగుతుంది? అదీ ధరలు పెరిగినప్పుడే. అంటే కిస్తీని పెంచే కారణమే జీతాన్నీ పెంచుతుంది. ఫ్లోటింగ్ రేటు, మీ డీఏ ఒకే దిక్కుకు నడుస్తాయి. ఫిక్స్‌డ్‌కు ఎక్కువ కట్టి బ్యాంకు దగ్గర కొనుక్కునే రక్షణలో కొంత మీ ఉద్యోగమే మీకు ఇస్తోంది. ఒకే రక్షణకు రెండుసార్లు ఎందుకు చెల్లించాలి?

కానీ ఒక చిక్కు ఉంది. రెండూ ఒకే దిక్కుకు నడుస్తాయి గానీ ఒకే వేగంతో నడవవు. వడ్డీ మూడు నెలల్లో మన లోనుకు చేరుతుంది. డీఏ అలా రాదు. 2021 జులై నుంచి రావాల్సిన డీఏ మన రాష్ట్రంలో 2023 జనవరిలో మంజూరైంది. ఆ మధ్యలోనే రెపో రేటు 4 నుంచి ఆరుంబావు అయింది. పీఆర్సీ సంగతీ అంతే. తెలంగాణ వచ్చాక మొదటి పీఆర్సీ 2018 జులై నుంచి లెక్క, 30 శాతం ఫిట్‌మెంట్ ప్రకటన 2021లో. తర్వాతి పీఆర్సీ 2023 జులై నుంచి రావాలి. ఆ అక్టోబరులో కమిషన్ వేసి ఐదు శాతం మధ్యంతర భృతి ఇచ్చారు. జీతం పెరుగుతుంది, నిజమే. ఏ నెలలో పెరుగుతుందో మాత్రం మన చేతిలో లేదు. బ్యాంకుకు కిస్తీ ఐదో తారీఖుకల్లా కావాలి.

అందుకే ఇంకో మాట చెబుతాను, జాగ్రత్తగా వినండి. రాబోయే జీతాన్ని చూసి అప్పు పెంచుకోవద్దు. ఇవాళ చేతికొచ్చే జీతాన్ని చూసి అప్పు తీసుకోండి. రాబోయే జీతంతో ఆ అప్పు త్వరగా తీర్చండి.

మన టీచరమ్మకు 52,000 వస్తోంది. 24 వేలు కడితే 28 వేలు మిగులుతుంది. ఇంట్లో ఇంకో సంపాదన ఉంటే సరే. లేకపోతే, ఇల్లు పూర్తయ్యేదాకా అద్దె కూడా కట్టాలంటే అది ఇరుకే. అలాంటప్పుడు ఫిక్స్‌డా ఫ్లోటింగా అన్న ప్రశ్న కన్నా ముందు 25 లక్షలను 20 లక్షలు చేయగలమా అని ఆలోచించాలి. పై అంతస్తు తర్వాత వేసుకోవచ్చు. ఇక్కడ ఇంకొకటి కూడా చెప్పాలి. జీతం పెరుగుతుందని చెప్పి మొదట్లో తక్కువ కిస్తీ, తర్వాత ఎక్కువ కిస్తీ ఉండే లోన్లు కొన్ని ఉన్నాయి. స్టెప్ అప్ అంటారు. వినడానికి బాగుంటుంది. కానీ మొదటి ఏళ్లలో అసలు దాదాపు కదలదు. ఆ ఏళ్లలోనే వడ్డీ రేటు పెరిగి, పీఆర్సీ ఆలస్యమైతే రెండు దెబ్బలు ఒకేసారి తగులుతాయి. నేనైతే వాటి జోలికి వెళ్లొద్దంటాను.

మరి ఫిక్స్‌డ్ ఎవరికీ పనికిరాదా? పనికొస్తుంది. కాంట్రాక్టు మీదో ఔట్‌సోర్సింగ్ మీదో పనిచేస్తూ, జీతం పెరుగుతుందన్న ఆశ తప్ప ఉత్తర్వు లేనివారు ఉన్నారు. ఒక్క జీతం మీద ఇల్లంతా నడుస్తూ, కిస్తీ రెండు వేలు పెరిగినా తట్టుకోలేనివారు ఉన్నారు. వాళ్లకు నిద్ర పట్టాలంటే ఫిక్స్‌డే మంచిది. ఫిక్స్‌డ్‌కూ ఫ్లోటింగ్‌కూ తేడా అర శాతం లోపే ఉండి, రేటు చివరిదాకా మారదని, ముందే కడితే ఛార్జీ లేదని కాగితం మీద రాసిస్తే, మన టీచరమ్మ కూడా ఫిక్స్‌డే తీసుకోవచ్చు. అలాంటిది దొరకడం అరుదు.

ఎందుకు అరుదంటే, ఫిక్స్‌డ్ అని అమ్మే చాలా లోన్లు చివరిదాకా ఫిక్స్‌డ్ కావు. మొదటి రెండేళ్లో, మూడేళ్లో, ఐదేళ్లో స్థిరంగా ఉంటాయి. తర్వాత ఫ్లోటింగ్‌కు మారతాయి. కొన్నిటిలో ఇన్నేళ్లకోసారి రేటు తిరగరాసే హక్కు బ్యాంకు తన దగ్గర ఉంచుకుంటుంది. ఇరవై ఏళ్ల భద్రత అనుకుని రెండు శాతం ఎక్కువ కట్టి, మూడేళ్ల భద్రతే కొనుక్కున్నట్టవుతుంది. పైగా ఆ మూడేళ్లలో ముందే కడితే ఛార్జీ కూడా పడొచ్చు. ఛార్జీ వద్దన్న నియమం లోను ఫ్లోటింగ్‌లో ఉన్నప్పుడే వర్తిస్తుంది. అందుకే బ్యాంకులో మొదటి ప్రశ్న "వడ్డీ ఎంత" అని కాదు. "ఫిక్స్‌డ్ అంటున్నారు, ఎప్పటిదాకా ఫిక్స్‌డ్?"

కొందరు తెలివిగా ఆలోచిస్తారు. "ఇప్పుడు ఫ్లోటింగ్ తీసుకుంటాను, పెరిగేటప్పుడు ఫిక్స్‌డ్‌కు మారిపోతాను" అంటారు. దాని మీద ఆధారపడకండి. 2022లో జనం పడ్డ ఇబ్బంది చూశాక, 2023 ఆగస్టులో రిజర్వు బ్యాంకు ఒక ఉత్తర్వు ఇచ్చింది. వడ్డీ మారేటప్పుడు కిస్తీ పెంచుకుంటారా, గడువు పెంచుకుంటారా, రెండూ కొంత కొంతా అని బ్యాంకు మిమ్మల్ని అడగాలి. కిస్తీ కనీసం నెల వడ్డీకైనా సరిపోవాలి, బాకీ పెరిగిపోకూడదు. ఫిక్స్‌డ్‌కు మారే వీలు కూడా ఇవ్వాలని అప్పుడు చెప్పింది. కానీ 2025 అక్టోబరు నుంచి ఆ చివరిదాన్ని బ్యాంకుల ఇష్టానికి వదిలేసింది. ఒకవేళ మారనిచ్చినా, రేట్లు పెరిగిన రోజు ఫిక్స్‌డ్ రేటు కూడా పెరిగే ఉంటుంది.

రేట్లు తగ్గేటప్పటి సంగతి కూడా చెప్పాలి. 2025 ఫిబ్రవరిలో ఆరున్నర దగ్గరున్న రెపో డిసెంబరుకల్లా ఐదుంబావుకు దిగింది. 2023లో పెరిగిన రేటుకు భయపడి ఫిక్స్‌డ్‌లోకి వెళ్లినవారికి ఆ తగ్గింపు అందలేదు. ఫ్లోటింగ్‌లో ఉన్నవారికి అందింది. అప్పుడు బ్యాంకు "మేడం, కిస్తీ తగ్గించమంటారా?" అని అడిగితే, వద్దనండి. కిస్తీ అంతే ఉంచి గడువు తగ్గించమనండి. ఇన్నాళ్లూ కట్టగలిగిన కిస్తీయే కదా.

ఫ్లోటింగ్ అన్నా అన్నీ ఒకటి కావు. బ్యాంకు లోను రెపోకు ముడిపడి ఉంటుంది. హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీల మీద ఆ నిబంధన లేదు. వాళ్ల ఫ్లోటింగ్ రేటు సాధారణంగా వాళ్లే నిర్ణయించుకునే సొంత రేటు మీద నడుస్తుంది. అది పెరిగేటప్పుడు చురుగ్గా, తగ్గేటప్పుడు మెల్లగా కదలొచ్చు. కాగితాలు పూర్తిగా లేక బ్యాంకులు కాదన్న ప్లాట్లకు మన ప్రాంతంలో చాలామంది అలాంటి కంపెనీల దగ్గరికి వెళ్తారు. అక్కడ నేను చెప్పిన మూడు నెలల లెక్క నడవదు. రేటు దేనికి ముడిపడి ఉందో అడిగి మరీ తెలుసుకోండి.

ఇక ఆ పైన కట్టే 3,200 ఎలా కట్టాలి? ఇక్కడ చిన్న మెలిక ఉంది. ఊరికే లోను ఖాతాలో వేస్తే, కొన్ని చోట్ల దాన్ని వచ్చే నెల కిస్తీ కింద జమ చేసుకుంటారు. అప్పుడు అసలు తగ్గదు. అసలులోకి జమ చేయమని రాతపూర్వకంగా చెప్పండి. లేదా కిస్తీనే 24 వేలకు పెంచమని అర్జీ ఇవ్వండి. నేనైతే మొదటిదే మేలంటాను. ఇంట్లో పెళ్లో, ఆసుపత్రి ఖర్చో వచ్చిన నెల ఆ 3,200 ఆపుకోవచ్చు. ఫిక్స్‌డ్‌లో ఆ నెల కూడా 24 వేలు కట్టి తీరాలి. ఆరేడు నెలల కిస్తీలకు సరిపడా డబ్బు విడిగా దాచుకున్నాకే ఈ అదనపు కట్టుబడి మొదలుపెట్టండి. అప్పులో కట్టేసిన డబ్బు అవసరానికి తిరిగి రాదు.

మూడు నెలలకోసారి బ్యాంకు స్టేట్‌మెంటు ఇవ్వాలి. అది మీ హక్కు. అందులో అసలు ఎంత తగ్గింది, ఇంకెన్ని కిస్తీలు మిగిలాయి అన్నవి రెండూ చూడండి. మిగిలిన కిస్తీల సంఖ్య పోయినసారి కన్నా పెరిగి ఉంటే, మీకు తెలియకుండా గడువు పెరిగిందన్నమాట. ఆ రోజే బ్యాంకుకు వెళ్లండి.

కొత్తగా లోను తీసుకునేవారికి, 2024 అక్టోబరు నుంచి, సంతకానికి ముందే కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ అనే కాగితం ఇవ్వాలి. రేటు ఫిక్స్‌డా ఫ్లోటింగా, దేనికి ముడిపడి ఉంది, దాని మీద బ్యాంకు ఎంత కలుపుతోంది, ఎన్నాళ్లకు మారుతుంది, ముందే కడితే ఛార్జీ ఉందా అన్నవన్నీ అందులో ఉంటాయి. కౌంటరు దగ్గర నిలబడి చదవకండి. ఇంటికి తెచ్చుకుని, పక్కన ఇంకొకరిని కూర్చోబెట్టుకుని చదవండి.

చివరగా, 2019 అక్టోబరు కన్నా ముందు బ్యాంకులో ఇంటి లోను తీసుకున్నవారికి ఒక విన్నపం. మీ లోను ఇంకా పాత పద్ధతిలోనే, ఎంసీఎల్ఆర్‌కో బేస్ రేటుకో ముడిపడి ఉండొచ్చు. ఆ పద్ధతిలో తగ్గింపులు మెల్లగా, కొంచెం కొంచెంగా వస్తాయి. కొద్దిపాటి ఛార్జీ కట్టి రెపోకు ముడిపడిన రేటుకు మారమని మీ బ్యాంకులోనే అడగొచ్చు. బ్యాంకు మార్చనక్కరలేదు, కాగితాలు మళ్లీ రిజిస్ట్రేషన్ చేయించనక్కరలేదు. ఈ వారంలో ఒక రోజు వీలు చేసుకుని, పాసుపుస్తకం పట్టుకుని బ్రాంచికి వెళ్లి, మీ లోను ఏ రేటుకు ముడిపడి ఉందో అడగండి. జవాబు కాగితం మీద తీసుకోండి.